చందాను రాబడిగా లెక్కిస్తే: సంవత్సరం మధ్యలో చేరిన సొమ్ము, రెండు రాబడి రేట్లు

అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో బియర్డ్స్‌టౌన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి కొందరు మహిళలు 1983లో ఒక పెట్టుబడి క్లబ్బు పెట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది నడివయసు దాటినవారు. నెలకొకసారి సమావేశమై, తలా కొంత చందా వేసి, ఆ సొమ్ముతో షేర్లు కొనేవారు. పదేళ్ళ తర్వాత వారి అనుభవాలు ‘ది బియర్డ్స్‌టౌన్ లేడీస్ కామన్‌సెన్స్ ఇన్వెస్ట్‌మెంట్ గైడ్’ అనే పుస్తకంగా వెలువడ్డాయి. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. అందుకు ముఖ్యకారణం ఒకే ఒక్క సంఖ్య. 1984 నుంచి 1993 వరకు తమ క్లబ్బు సగటున ఏడాదికి 23.4 శాతం రాబడి సాధించిందని వారు ప్రకటించారు. వృత్తి నిపుణులైన ఫండ్ మేనేజర్లలో చాలామందికి అందని అంకె అది.

1998లో షికాగో నగరపు పత్రిక ఒకటి ఆ అంకెను ప్రశ్నించింది. లెక్కలో సభ్యుల నెలవారీ చందాలు కూడా కలిశాయని తేలింది. తర్వాత ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థ క్లబ్బు ఖాతాలను పరిశీలించి, ఆ పదేళ్ళ రాబడి ఏడాదికి 9.1 శాతమేనని నిర్ధారించింది. అదే కాలంలో ఎస్ అండ్ పీ 500 సూచీ డివిడెండ్లతో కలిపి ఏడాదికి 14.9 శాతం పెరిగింది. అంటే సూచీని ఓడించామని చెప్పుకున్నవారు నిజానికి సూచీకంటే సుమారు 6 శాతం వెనకబడి ఉన్నారన్న మాట.

ఆ పుస్తకంలో షేర్ల ఎంపిక గురించి చెప్పిన సలహాల మంచిచెడ్డలు ఈ వ్యాసానికి సంబంధించినవి కావు. వారి నిజాయితీని శంకించడం కూడా నా ఉద్దేశం కాదు. ఈ పాఠ్యాంశం చదివే విద్యార్థి చూడవలసింది ఆ అంకె పుట్టిన తీరు. దాన్ని కేవలం ‘పొరపాటు’ అని వదిలేస్తే మనం నేర్చుకునేది కొద్దిగానే ఉంటుంది. మధ్యలో సొమ్ము చేరే ఏ ఖాతాకైనా ‘రాబడి ఎంత?’ అని అడిగినప్పుడు ఆ ప్రశ్నకు ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఉంటాయి. వాటి పక్కనే చూడటానికి సరైనవిగా కనిపించే తప్పు జవాబులూ ఉంటాయి. బియర్డ్స్‌టౌన్ విషయంలో తప్పు జవాబు బయటపడింది కాబట్టి అందరికీ తెలిసింది. సరైన జవాబులు రెండింటి మధ్య జరిగే తారుమారు మాత్రం ఇప్పటికీ చాలా ప్రకటనల్లో, చాలా ఖాతా నివేదికల్లో ఎవరూ గమనించకుండానే సాగిపోతోంది.

ఒక ఉదాహరణను చివరిదాకా చేసి చూద్దాం. ఒక ఉద్యోగిని ఏప్రిల్ 1న ఒక మ్యూచువల్ ఫండ్‌లో 1,00,000 రూపాయలు పెట్టారనుకోండి. మొదటి ఆరు నెలల్లో ఫండ్ విలువ 20 శాతం పెరిగింది. అక్టోబరు 1 నాటికి ఆమె సొమ్ము 1,20,000 అయింది. అప్పుడే ఆమెకు పాత స్థలం అమ్మిన సొమ్ము చేతికి వచ్చింది. అందులోంచి 3,80,000 అదే ఫండ్‌లో వేశారు. ఇప్పుడు ఖాతాలో మొత్తం 5,00,000. తర్వాతి ఆరు నెలల్లో ఫండ్ 10 శాతం పడిపోయింది. ఏడాది ముగిసేసరికి ఖాతాలో మిగిలింది 4,50,000.

ఆమె చేతినుంచి వెళ్ళింది 4,80,000. మిగిలింది 4,50,000. నష్టం 30,000 రూపాయలు. దీనిలో ఎవరికీ సందేహం లేదు. సందేహమంతా దీన్ని శాతంలోకి మార్చేటప్పుడే వస్తుంది.

బియర్డ్స్‌టౌన్ పద్ధతిలో చేస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. ఆరంభంలో 1,00,000, ముగింపులో 4,50,000. పెరుగుదల 3,50,000. కాబట్టి రాబడి 350 శాతం! ఇంత పెద్ద అంకె కనబడితే ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. కానీ అదే తప్పు నెలనెలా చిన్నచిన్న చందాలతో జరిగితే ఎవరికీ అనుమానం రాదు. లక్ష రూపాయల నిధిలోకి నెలకు వెయ్యి చొప్పున ఏడాదిలో 12,000 చేరాయనుకుందాం. షేర్ల ధర ఒక్క పైసా కూడా మారకపోయినా, ఆరంభ ముగింపు నిల్వలను మాత్రమే పోల్చేవారికి 12 శాతం ‘రాబడి’ కనిపిస్తుంది. ఇది నమ్మదగ్గ అంకె కావడమే ప్రమాదం. నిధి 5,00,000కు పెరిగాక అదే 12,000 చందా 2.4 శాతంగా మాత్రమే కనిపిస్తుంది. అంటే ఈ తప్పు నిధి చిన్నదిగా ఉన్న తొలి సంవత్సరాల్లో ఎక్కువగా ఉబ్బి, నిధి పెరిగేకొద్దీ తనంతట తానే తగ్గుతుంది. కొత్తగా మొదలైన క్లబ్బులు, కుటుంబ నిధులు తొలినాళ్ళలో అద్భుతంగా కనిపించడానికి ఇది ఒక కారణం.

ఇలాంటి లెక్కను పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ధరలన్నీ ఏడాది పొడవునా కదలలేదని ఊహించుకుని, సొమ్ము చేరిన తేదీలను మాత్రం అలాగే ఉంచి, ఆ సూత్రాన్ని మళ్ళీ ప్రయోగించండి. సరైన సూత్రం సున్నా చెప్పాలి. మన ఉదాహరణలో నిల్వలను మాత్రమే పోలిస్తే 1,00,000 కాస్తా 4,80,000 అయి, 380 శాతం అని వస్తుంది. కాబట్టి ఆ సూత్రం రాబడిని కొలవడం లేదు, డిపాజిట్లను కొలుస్తోంది.

రెండో తప్పు జవాబు ఈ పరీక్షలో నెగ్గుతుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. నష్టం 30,000ను మొత్తం పెట్టుబడి 4,80,000తో భాగిస్తే మైనస్ 6.25 శాతం వస్తుంది. నేను దిద్దిన జవాబు పత్రాల్లో అన్నిటికంటే తరచుగా కనిపించిన జవాబు ఇదే. ధరలు కదలకపోతే ఇది సున్నాయే చూపుతుంది. కానీ ఇందులో 3,80,000 రూపాయలు కూడా ఏప్రిల్ 1 నుంచే ఫండ్‌లో ఉన్నట్టు భావించాం. ఆ సొమ్ము ఉన్నది ఆరు నెలలే. పూర్తి ఏడాది పనిచేయని సొమ్మును పూర్తి ఏడాది లెక్కలో వేయడం వల్ల నష్టం రేటు అసలుకంటే తక్కువగా కనిపించింది. ‘పెట్టిన సొమ్ములో ఎంత పోయింది?’ అన్న ప్రశ్నకు ఇది జవాబే. ‘ఏడాదికి ఎంత రేటున పోయింది?’ అన్న ప్రశ్నకు మాత్రం కాదు.

ఇప్పుడు సరైన జవాబులు రెండింటికి వద్దాం.

మొదటిది కాలభారిత రాబడి. టైమ్ వెయిటెడ్ రిటర్న్ అని మీరు ఫండ్ పత్రాల్లో వినేది ఇదే. దీని ఆలోచన ఇలా ఉంటుంది: కొత్త సొమ్ము చేరిన ప్రతిసారీ అక్కడ గీత గీసి, ఏడాదిని ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కలో సొమ్ము చేరడం, తీయడం ఉండదు కాబట్టి రాబడి లెక్కలో చిక్కేమీ ఉండదు. తర్వాత ముక్కలను గొలుసుకట్టుగా గుణించాలి. మన ఉదాహరణలో మొదటి ముక్క 1.20, రెండో ముక్క 0.90. గుణిస్తే 1.08. అంటే రాబడి ప్లస్ 8 శాతం.

మ్యూచువల్ ఫండ్ యూనిట్ల భాషలో చెప్తే ఇది మరింత తేటగా అర్థమవుతుంది. ఏప్రిల్‌లో యూనిట్ విలువ, అంటే ఎన్‌ఏవీ, 10 రూపాయలు అనుకోండి. ఆమెకు 10,000 యూనిట్లు వచ్చాయి. అక్టోబరులో ఎన్‌ఏవీ 12. అప్పుడు వేసిన 3,80,000కు సుమారు 31,667 యూనిట్లు వచ్చాయి. మార్చి చివర ఎన్‌ఏవీ 10.80. మొత్తం యూనిట్లు సుమారు 41,667. గుణిస్తే 4,50,000 సరిపోయింది. ఫండ్ కంపెనీ తన పత్రంలో ‘10 నుంచి 10.80, రాబడి 8 శాతం’ అని ప్రకటిస్తుంది. అందులో అబద్ధం లేదు. కొత్త సొమ్ము వచ్చినప్పుడు యూనిట్ల సంఖ్య పెరుగుతుందే తప్ప యూనిట్ విలువ మారదు. ఎన్‌ఏవీలో డిపాజిట్ల ప్రభావం కలవకుండా అడ్డుకునే కట్టడి ఇదే. బియర్డ్స్‌టౌన్ క్లబ్బు నెలనెలా వచ్చిన చందాలకు యూనిట్లు కేటాయించి, యూనిట్ విలువను మాత్రమే పుస్తకంలో చెప్పి ఉంటే 23.4 శాతమనే అంకె పుట్టేదే కాదు.

రెండోది ధనభారిత రాబడి, అంటే మనీ వెయిటెడ్ రిటర్న్. ప్రాజెక్టుల మదింపు పాఠంలో మీరు చదివిన అంతర్గత రాబడి రేటే ఇది. ఒక బ్యాంకు ఖాతాను ఊహించుకోండి. ఏప్రిల్ 1న 1,00,000, అక్టోబరు 1న 3,80,000 వేస్తే, ఏడాది చివరకు సరిగ్గా 4,50,000 మిగలాలంటే ఆ బ్యాంకు ఏ ఏకరీతి రేటు ఇవ్వాలి? మొదటి సొమ్ము పూర్తి ఏడాది ఉంటుంది, రెండోది అర్ధ సంవత్సరం. కాబట్టి అర్ధ సంవత్సరపు గుణకాన్ని x అనుకుంటే సమీకరణం ఇలా వస్తుంది:

1,00,000 x² + 3,80,000 x = 4,50,000

మామూలు వర్గ సమీకరణమే. సాధిస్తే x విలువ సుమారు 0.9478. దాని వర్గం 0.8983. అంటే రాబడి మైనస్ 10.17 శాతం. సరిచూసుకోండి: లక్ష రూపాయలు 89,834 అవుతాయి, 3,80,000 కాస్తా 3,60,166 అవుతాయి, కలిపితే 4,50,000.

కంప్యూటరులో స్ప్రెడ్‌షీట్ ఉన్నవారు తేదీలను ఒక నిలువు వరుసలో, సొమ్మును మరో వరుసలో రాయాలి. చేతినుంచి వెళ్ళిన సొమ్ముకు మైనస్ గుర్తు, చివరి నిల్వకు ప్లస్ గుర్తు పెట్టి ఈ సూత్రం ఇస్తే చాలు:

```
=XIRR(B2:B4, A2:A4)
```

2022 ఏప్రిల్ 1, 2022 అక్టోబరు 1, 2023 ఏప్రిల్ 1 అని తేదీలు ఇస్తే మైనస్ 10.18 శాతం చూపుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు 183 రోజులు, మిగిలింది 182 రోజులు కావడమే ఆ కొద్దిపాటి తేడాకు కారణం. గుర్తులు తారుమారైతే, అంటే అన్నీ ఒకే గుర్తుతో ఉంటే, సూత్రం జవాబు ఇవ్వకుండా దోషం చూపుతుంది. అది మంచిదే. నిశ్శబ్దంగా తప్పు చెప్పడంకంటే అది నయం.

ఇప్పుడు మన ముందున్న పరిస్థితి చూడండి. ఒకే ఖాతా, ఒకే ఏడాది. ఒక లెక్క ప్లస్ 8 శాతం అంటుంది, మరొకటి మైనస్ 10.17 శాతం అంటుంది. రెండూ నిజమే. విద్యార్థులు ఇక్కడ ‘అయితే ఏది అసలైన రాబడి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి: ఎవరిని బేరీజు వేస్తున్నాం?

ఫండ్ మేనేజర్‌ను బేరీజు వేస్తుంటే 8 శాతమే సరైన అంకె. అక్టోబరులో 3,80,000 రావడం ఆయన నిర్ణయం కాదు. ఆమె స్థలం ఎప్పుడు అమ్ముడుపోయిందో ఆయనకు తెలియదు. ఆ సొమ్ము ఏప్రిల్‌లోనే వచ్చి ఉన్నా, అసలు రాకపోయినా, మార్కెట్లో ఆయన చేసిన పని ఒకటే. అందుకే భారతదేశంలో సెబీ 2020 ఫిబ్రవరిలో పోర్ట్‌ఫోలియో మేనేజర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో పనితీరును కాలభారిత పద్ధతిలోనే చూపాలని నిర్దేశించింది. అమెరికాలో పింఛను నిధుల విషయంలో ఈ చర్చ అంతకు చాలా ముందే జరిగింది. పీటర్ డైట్జ్ 1966లో పింఛను నిధుల పనితీరు కొలత మీద రాసిన గ్రంథం, 1968లో బ్యాంక్ అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్టిట్యూట్ వెలువరించిన అధ్యయనం ఈ ఆలోచనకు పునాదులు వేశాయి. యజమాని ఎప్పుడు ఎంత చందా కడతాడన్నది మేనేజర్ చేతిలో లేదు కాబట్టి దాని ప్రభావాన్ని అతని మార్కులనుంచి తీసేయాలన్నది అక్కడి తర్కం.

కానీ ఆ ఉద్యోగిని తన కుటుంబపు సొమ్ము ఏమైందో తెలుసుకోవాలనుకుంటే 8 శాతం అనే జవాబు ఆమెకు ఎందుకూ పనికిరాదు. ఆమె 30,000 పోగొట్టుకున్నారు. నష్టపోయిన మనిషికి లాభం శాతం చూపించే కాగితం ఎంత నియమబద్ధమైనదైనా ఆమె ప్రశ్నకు జవాబు కాదు. ఆమెకు కావలసింది ధనభారిత రేటు. ఇంటి రుణం మీద కట్టే వడ్డీతో పోల్చడానికైనా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి ఉంటే ఎంత వచ్చేదో చూసుకోవడానికైనా ఆ అంకే పనికొస్తుంది.

సొమ్ము చేరే సమయాన్ని మేనేజరే నిర్ణయించే సందర్భాలూ ఉన్నాయి. ప్రైవేట్ ఈక్విటీ నిధుల్లో ముందుగా మాట తీసుకుని, అవసరమైనప్పుడు మేనేజరే సొమ్ము పంపమని కబురు చేస్తాడు. అక్కడ సమయం కూడా అతని నిర్ణయమే కాబట్టి ధనభారిత రేటే అతని పనికి కొలమానం. అంతర్జాతీయ పనితీరు ప్రమాణాలు కూడా ఇలాంటి నిధులకు ఆ పద్ధతిని అనుమతిస్తాయి. సూత్రం ఒక్కటే: సొమ్ము ఎప్పుడు చేరాలో ఎవరు నిర్ణయించారో, ఆ నిర్ణయపు ఫలితం వారి లెక్కలోనే పడాలి.

ఇదే సంగతి ఎదురు దిశలోనూ జరుగుతుందని గమనించండి. లక్ష రూపాయలు మొదటి ఆరు నెలల్లో 20 శాతం తగ్గి 80,000 అయ్యాయి. అప్పుడు 4,20,000 వేశారు. తర్వాత 10 శాతం పెరిగి 5,50,000 అయింది. కాలభారిత రాబడి 0.80ను 1.10తో గుణిస్తే 0.88, అంటే మైనస్ 12 శాతం. పెట్టిన సొమ్ము 5,20,000 కాబట్టి మదుపరికి 30,000 లాభం. ధనభారిత రేటు ప్లస్ 9.83 శాతం. మేనేజర్ చెడ్డ ఏడాది గడిపాడు, మదుపరి మంచి ఏడాది గడిపారు. ఈ రెండు మాటల మధ్య వైరుధ్యం లేదు.

ఇక అసలు విమర్శకు వస్తాను. ఈ రెండు రేట్లూ విడివిడిగా తెలిసినవారు కూడా వాటిని పోల్చే దగ్గర తప్పటడుగు వేస్తుంటారు. మన ఉద్యోగిని ఫోన్‌లోని పెట్టుబడి యాప్ ఆమెకు XIRR చూపుతుంది: మైనస్ 10 చిల్లర. ఆమె పత్రికలో సూచీ ఆ ఏడాది 1.2 శాతం పెరిగిందని చదువుతారు. ‘సూచీ పెరిగితే నా ఫండ్ పది శాతం పోగొట్టింది, దీన్ని వదిలించుకోవాలి’ అని నిర్ణయిస్తారు. ఈ నిర్ణయం తప్పు లెక్క మీద నిలబడింది. సూచీ అంకె దాని స్వభావరీత్యా కాలభారితమైనది. సూచీలోకి ఎవరూ మధ్యలో చందా వేయరు. ఒక రకం కొలబద్దతో కొలిచిన దాన్ని మరో రకం కొలబద్దతో కొలిచిన దానితో పోల్చారు.

సరైన పోలిక ఎలా చేయాలో చూడండి. ఆ ఏడాది సూచీ మొదటి ఆరు నెలల్లో 15 శాతం పెరిగి, తర్వాత 12 శాతం తగ్గిందనుకుందాం. 1.15ను 0.88తో గుణిస్తే 1.012, అంటే పత్రికలో వచ్చిన 1.2 శాతం. ఇప్పుడు ఆమె సొమ్మును అవే తేదీల్లో సూచీలో వేసినట్టు ఊహించండి. లక్ష కాస్తా 1,15,000 అయింది. దానికి 3,80,000 కలిపితే 4,95,000. అది 12 శాతం తగ్గితే 4,35,600. దీని ధనభారిత రేటు మైనస్ 14.92 శాతం. ఆమె ఫండ్ మిగిల్చింది 4,50,000. కాబట్టి ఫండ్ సూచీకంటే 14,400 రూపాయలు ఎక్కువే మిగిల్చింది. మైనస్ 10.17ను మైనస్ 14.92తో పోల్చాలి, లేదా 8ని 1.2తో పోల్చాలి. ఏ జంట తీసుకున్నా ఫండ్ సూచీని మించింది. మైనస్ 10.17ను 1.2తో పోలిస్తే మాత్రం మంచి ఫండ్‌ను చెడ్డదిగా లెక్కగట్టి వదిలేస్తాం.

ఇదే ప్రశ్న బియర్డ్స్‌టౌన్ కథకూ వేయాలి. 23.4ను 9.1గా సరిదిద్దినవారు మంచి పని చేశారు. కానీ దాన్ని సూచీ 14.9 పక్కన పెట్టి చదివే మనం ఆ 9.1 ఏ రకం రేటు అని అడగాలి. అది అంతర్గత రాబడి రేటే అయితే, క్లబ్బు చందాలను అవే నెలల్లో సూచీలో వేసినట్టు లెక్కించి వచ్చే రేటుతో పోల్చాలి. పదేళ్ళ పాటు పెరుగుతూ వచ్చిన నిధిలో చివరి సంవత్సరాల రాబడికే ఎక్కువ బరువు ఉంటుంది, తొలి సంవత్సరాల రాబడికి తక్కువ. ఒకే రకం కొలబద్దతో కొలిస్తే వెనకబాటు 5.8 శాతంకంటే పెరగవచ్చు, తగ్గవచ్చు. తప్పును పట్టుకున్న ఉత్సాహంలో ఈ ప్రశ్నను చాలామంది మరిచిపోయారు.

మరో వాదన మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. ఫండ్ రాబడికీ, ఆ ఫండ్‌లోని మదుపరుల సగటు ధనభారిత రాబడికీ తేడాను మార్నింగ్‌స్టార్ సంస్థ ఏటా లెక్కిస్తుంది. ఆ తేడాను చూపించి చాలామంది సలహాదారులు ‘మదుపరుల తెలివితక్కువ ప్రవర్తనకు మూల్యం ఇదే’ అని చెబుతుంటారు. ధర పెరిగాక ఆశతో కొని, పడ్డాక భయంతో అమ్మేవారి విషయంలో ఆ మాట నిజం. కానీ మన ఉద్యోగినిని చూడండి. స్థలం అమ్మిన సొమ్ము ఆమె చేతికి అక్టోబరులోనే వచ్చింది. ఏప్రిల్‌లో వేసే అవకాశమే ఆమెకు లేదు. జీతంలోంచి నెలనెలా సిప్ కట్టేవారి పరిస్థితీ అంతే. వారి ధనభారిత రాబడి ఫండ్ రాబడికంటే తక్కువైతే అందులో వారి తప్పేమీ లేదు. సొమ్ము పుట్టిన తేదీయే ఆ తేడాకు కారణం. 8కీ మైనస్ 10.17కీ మధ్య ఉన్న 18 శాతాన్ని ‘తప్పు నిర్ణయపు ఖరీదు’ అని పిలవాలంటే, ఆమెకు వేరే నిర్ణయం తీసుకునే వీలుందని ముందు చూపించాలి. ఆ 3,80,000ను అక్టోబరు నుంచి డిపాజిట్‌లో ఉంచడం ఆమె చేయగలిగిన వేరే నిర్ణయం. పోలిక దానితో జరగాలి, ఏప్రిల్ 1తో కాదు.

ఇక రెండు పద్ధతుల పరిమితులు. కాలభారిత పద్ధతికి సొమ్ము చేరిన ప్రతి రోజూ ఖాతా విలువ తెలియాలి. మ్యూచువల్ ఫండ్‌కు ఎన్‌ఏవీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. నలుగురు అన్నదమ్ములు కలిసి నడిపే స్థలాల వ్యాపారంలో అక్టోబరు 1న ఆస్తి విలువ ఎంతో ఎవరూ చెప్పలేరు. అక్కడ మధ్య విలువ అడగని ధనభారిత రేటే దిక్కు. సమీకరణం సాధించే వీలు కూడా లేనప్పుడు డైట్జ్ పేరుతో ఉన్న సవరించిన పద్ధతి వాడతారు. లాభనష్టాన్ని, ఒక్కో మొత్తం ఖాతాలో ఉన్న కాలాన్ని బట్టి తూచిన పెట్టుబడితో భాగించడమే ఆ పద్ధతి. మన ఉదాహరణలో తూచిన పెట్టుబడి 1,00,000కు 3,80,000లో సగం కలిపితే 2,90,000. మైనస్ 30,000ను దానితో భాగిస్తే మైనస్ 10.34 శాతం. సమీకరణం ఇచ్చిన 10.17కు దగ్గరే. కాగితం, పెన్సిలు చాలు. ముందు చెప్పిన మైనస్ 6.25కూ దీనికీ తేడా ఆ ‘సగం’ అన్న మాటలోనే ఉంది.

ధనభారిత రేటుకు ఉన్న బలహీనత వేరు. XIRR ప్రతిదాన్నీ ఏడాది రేటుగా మారుస్తుంది. నెల రోజుల కిందట వేసిన సొమ్ము 5 శాతం పెరిగితే, ఆ వేగం పన్నెండు నెలలూ చక్రవృద్ధిగా సాగుతుందని భావించి దాదాపు 80 శాతం అని చూపుతుంది. యాప్‌లో కొత్త మదుపరికి కళ్ళు మిరుమిట్లు గొలిపే అంకె కనిపిస్తే, ముందు తేదీ చూడాలి. ఏడాది నిండని ఖాతాకు ఏడాది రేటు చెప్పకుండా, ఆ కాలానికి వచ్చిన రాబడినే చెప్పడం మేలు. సొమ్ము వేయడం, తీయడం పలుమార్లు మారితే ఒకే సమీకరణానికి రెండు జవాబులు రావడమూ సాధ్యమే. మామూలు మదుపరి ఖాతాలో అది అరుదు కాబట్టి ఇక్కడ దాన్ని విస్తరించడం లేదు.

పరీక్షలో గానీ, ఇంటి లెక్కల్లో గానీ మీకు ఒక ఖాతా నివేదిక ఎదురైతే, దాని మీద ముద్రించిన శాతం దగ్గర మొదలుపెట్టకండి. వేసిన సొమ్ము, తీసిన సొమ్ము, వాటి తేదీలు, చివరి నిల్వ ముందుగా ఒక కాగితం మీద రాసుకోండి. రూపాయల్లో లాభమో నష్టమో తేల్చండి. తర్వాత మీరు స్వయంగా కట్టిన ధనభారిత రేటు గుర్తు ఆ రూపాయల గుర్తుతో సరిపోవాలి. రూపాయల్లో నష్టం వచ్చిన ఖాతాకు నివేదికలో లాభం శాతం కనిపిస్తే, అది కాలభారిత రేటు అయి ఉండాలి, లేదా బియర్డ్స్‌టౌన్‌లో లాగా ఎక్కడో చందా కలిసిపోయి ఉండాలి. ధరలు కదలలేదని భావించి సూత్రాన్ని మళ్ళీ నడిపితే ఆ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది.